రేటు తగ్గిందంటున్నారు, మీ లోను స్టేట్‌మెంట్‌లో సరిగ్గా తగ్గిందా? ఇలా చూసుకోండి

మొన్న సిరిమానుకి శ్రీకాకుళం నుంచి మా బావమరిది విజయనగరం వచ్చాడు. ఊరేగింపు చూసొచ్చి, భోజనాలయ్యాక సంచిలోంచి మడతపెట్టిన కాగితాలు తీశాడు.

"బావా, ఆర్బీఐవోళ్లు జూన్‌లోనే అర శాతం తగ్గించీసినారంట. నా కిస్తీ చూడు, పైసా తగ్గలేదు. ఏటిది?"

అతను టీచరు. 2022 నవంబర్‌లో ఇంటికని 20 లక్షల లోను తీసుకున్నాడు. పేరు ఎందుకులెండి, ఒక బ్యాంకు. కిస్తీ తగ్గకపోవడంలో తప్పేమీ లేదని ఐదు నిమిషాల్లో తేలింది. తప్పు ఇంకోచోట ఉంది. అది స్టేట్‌మెంట్ పైన రాసిన రేటు చూస్తే కనిపించదు. నెలాఖరున పడిన వడ్డీ అంకెను లెక్కకడితేనే బయటపడుతుంది. ఆ రాత్రి మేం చేసిన లెక్కే మీకు వరసగా చెబుతాను. మీ కాగితాలు పక్కన పెట్టుకుని చదివితే సుళువు.

ముందుగా శాంక్షన్ లెటర్

స్టేట్‌మెంట్ కంటే ముందు శాంక్షన్ లెటర్ గాని, లోను అగ్రిమెంట్ గాని వెతకండి. దాంట్లో మూడు సంగతులు కావాలి: మీ రేటు దేనికి కట్టి ఉంది, దాని మీద కలిపే స్ప్రెడ్ ఎంత, రేటు మార్చే తేదీ ఏది.

2019 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చిన ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్లన్నీ బయటి బెంచ్‌మార్క్‌కి, అంటే బ్యాంకు తన చేతుల్లో లేని ఒక రేటుకి, కట్టి ఉండాలని ఆర్బీఐ నియమం. ఎక్కువ బ్యాంకులు రెపో రేటునే, అంటే ఆర్బీఐ బ్యాంకులకి అప్పిచ్చే రేటునే, పట్టుకున్నాయి. అంతకు ముందువైతే బ్యాంకు తనే లెక్కకట్టుకునే ఎంసీఎల్ఆర్ మీదో, ఇంకా పాతవైతే బేస్ రేటు మీదో ఉండొచ్చు. అవి రెపోతో పాటు నేరుగా కదలవు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకీ ఇతర ఫైనాన్స్ కంపెనీలకీ ఈ బయటి బెంచ్‌మార్క్ నియమం వర్తించదు. వాళ్లు తమ సొంత రిఫరెన్స్ రేటు పెట్టుకుంటారు. మీ లోను అలాంటిదైతే రెపో తగ్గింది కాబట్టి నాకూ తగ్గాలి అని వాదించడానికి ఆధారం ఉండదు. వాళ్లు తమ రేటు ఎప్పుడెప్పుడు మార్చారో అడిగి తీసుకుని, ఆ తేదీలతో కింది లెక్క చేసుకోండి. లెక్క మటుకు ఒకటే.

మా వాడి లెటర్లో రెపో రేటు ప్లస్ 2.40 శాతం అని ఉంది. లోను ఇచ్చేనాటికి రెపో 5.90, కాబట్టి మొదటి రేటు 8.30. కొన్ని లెటర్లలో ఇది రెండు ముక్కలుగా ఉంటుంది. రెపోకి బ్యాంకు తన మార్జిన్ కలిపి ఒక పేరు పెట్టిన రేటు ఒకటి, దాని మీద మీ సిబిల్ స్కోరును బట్టి వేసే రిస్క్ ప్రీమియం ఇంకొకటి. ఆ మార్జిన్, ఈ ప్రీమియం రెండూ కలిపితేనే మీ స్ప్రెడ్. ఒక్కటే చూసి లెక్కేస్తే తేడా వచ్చి, బ్యాంకు మోసం చేసిందని అనవసరంగా కంగారు పడతారు.

అసలు కీలకం రీసెట్ తేదీ. రెపో మారిన రోజునే మీ రేటు మారాలని ఎక్కడా లేదు. మూడు నెలలకు ఒక్కసారైనా మార్చాలన్నదే నియమం. అది ఏ రోజన్నది మీ అగ్రిమెంట్ చెబుతుంది. కొందరికి ప్రతి మూడు నెలల మొదటి తేదీ, కొందరికి రెపో మారిన తర్వాతి నెల ఒకటో తేదీ, ఇంకొందరికి లోను డబ్బు మొదటిసారి చేతికొచ్చిన రోజు నుంచి లెక్క. మా వాడిది ఈ మూడో రకం. ఇల్లు పునాది దశలో ఉండగా మొదటి విడత 14 నవంబర్ 2022న పడింది. కాబట్టి అతని రేటు మారాల్సిన రోజులు ఏడాదికి నాలుగు: ఫిబ్రవరి 14, మే 14, ఆగస్టు 14, నవంబర్ 14. విడతలుగా డబ్బు తీసుకున్నవాళ్లు ఏ విడత నుంచి లెక్కో అగ్రిమెంట్లో చూసి మరీ రాసుకోవాలి. చివరి విడత తేదీ పట్టుకుంటే మొత్తం లెక్క తప్పిపోతుంది.

ఒక కాగితం మీద రేట్ల వరస

ఇప్పుడు తెల్ల కాగితం మీద ఎడమవైపు రెపో మారిన తేదీలు, కుడివైపు మీ రీసెట్ తేదీలు రాయండి. 2025లో రెపో నాలుగుసార్లు తగ్గింది. ఫిబ్రవరి 7న 6.50 నుంచి 6.25కి, ఏప్రిల్ 9న 6.00కి, జూన్ 6న 5.50కి, డిసెంబర్ 5న 5.25కి. (మా వాడు వచ్చేసరికి చివరిది ఇంకా రాలేదు.)

ప్రతి రీసెట్ రోజున ఆనాడు అమల్లో ఉన్న రెపోకి మీ స్ప్రెడ్ కలపండి. మా వాడికి 14 ఫిబ్రవరి 2025న 6.25 ప్లస్ 2.40, అంటే 8.65. మే 14న 8.40. ఆగస్టు 14న 5.50 ప్లస్ 2.40, అంటే 7.90. జూన్ 6న తగ్గినది అతనికి చేరడానికి రెండు నెలల పైన పట్టింది. దీన్నే చాలామంది బ్యాంకు ఎగ్గొట్టిందనుకుంటారు, కాదు. రేటు పెరిగే కాలంలో ఇదే ఆలస్యం మనకి కలిసొస్తుంది. రెండు రీసెట్ల మధ్య రెపో రెండుసార్లు మారినా రీసెట్ రోజున ఒకేసారి కలిసి పడుతుంది. 2022 డిసెంబర్ 7న 6.25, 2023 ఫిబ్రవరి 8న 6.50 అయ్యాయి. అతని రేటు మాత్రం 14 ఫిబ్రవరి 2023న 8.30 నుంచి 8.90కి ఒక్క గంతులో వెళ్లాలి.

స్టేట్‌మెంట్ పై వరసలో రాసిన రేటు నమ్మకండి

స్టేట్‌మెంట్ తలకట్టులో కనిపించే వడ్డీ రేటు సాధారణంగా మీరు ప్రింట్ తీసిన రోజు రేటు. మా వాడి కాగితం మీద 7.90 అని శుభ్రంగా ఉంది. "సరిపోయిందిరా, ఇంకేటి" అని నేను కూడా కాగితం మడిచేయబోయాను. అది ఏ రోజు నుంచి 7.90 అయిందో మటుకు అక్కడ లేదు. దానికి నెలనెలా వడ్డీ డెబిట్ అయిన వరసలు చూడాలి. యాప్‌లో దొరికే సంక్షిప్త స్టేట్‌మెంట్ చాలదు. ప్రతి ఎంట్రీ, ప్రతిరోజు బ్యాలెన్స్ కనిపించే పూర్తి అకౌంట్ స్టేట్‌మెంట్, కనీసం ఏడాదిది తీసుకోండి.

వడ్డీ అంకె నుంచి రేటు వెనక్కి తీసే లెక్క ఇది. నెల వడ్డీని 36,500తో గుణించి, ఆ నెల బ్యాలెన్స్‌ని రోజుల సంఖ్యతో గుణించగా వచ్చినదానితో భాగించాలి. మా వాడికి కిస్తీ 17,100 ఒకటో తేదీన పడుతుంది, వడ్డీ నెలాఖరున డెబిట్ అవుతుంది. కాబట్టి నెలంతా ఒకే బ్యాలెన్స్, లెక్క తేలిక. ఆగస్టు 1న కిస్తీ పోగా నిలిచిన అసలుని ఇక్కడ సుళువు కోసం రౌండుగా 18,00,000 అనుకుందాం. (మధ్యలో అతనికి చేతికందిన బకాయిల్లోంచి లక్ష దాకా లోనులో కట్టేశాడు.) ఆగస్టు 31న పడిన వడ్డీ 12,842. సెప్టెంబర్లో బ్యాలెన్స్ 17,95,742, వడ్డీ 11,660. ఎక్సెల్‌లో ఇలా కొట్టాం:

```
=12842*36500/(1800000*31)
=11660*36500/(1795742*30)
```

మొదటిది 8.40 చూపించింది, రెండోది 7.90.

ఇక్కడ ఆగి ఆలోచించండి. రేటు ఆగస్టు 14న మారి ఉంటే ఆగస్టు నెలకు వెనక్కి తీసిన రేటు 8.40 రాకూడదు, 7.90 కూడా రాకూడదు. రెండింటి మధ్య ఎక్కడో రావాలి. రీసెట్ నెల మధ్యలో పడ్డ ఏ నెలకైనా ఇదే గుర్తు. పాత రేటు అచ్చంగా దిగిందంటే ఆ నెలంతా పాత రేటే వేశారన్నమాట. అంటే మా వాడి రేటు ఆగస్టు 14న కాక సెప్టెంబర్ 1న మారింది.

రోజులు విడగొట్టి ఎంత పడాలో కట్టండి

అనుమానం రుజువు కావాలంటే సరైన వడ్డీ ఎంతో మీరే కట్టాలి. రేటు గాని, బ్యాలెన్స్ గాని మారిన ప్రతి రోజు దగ్గర నెలని ముక్క చేయండి. ఒక్కో ముక్కకి బ్యాలెన్స్, రేటు, రోజులు గుణించి 365తో భాగించండి. మా వాడికి ఆగస్టులో రెండే ముక్కలు. ఒకటి నుంచి 13 వరకు 13 రోజులు 8.40 చొప్పున, 14 నుంచి 31 వరకు 18 రోజులు 7.90 చొప్పున.

```
=1800000*8.40%*13/365
=1800000*7.90%*18/365
```

మొదటి ముక్క 5,385, రెండోది 7,013, మొత్తం 12,398. బ్యాంకు వేసింది 12,842. తేడా 444 రూపాయలు. ఈ 12,398ని వెనక్కి లెక్క వేసి చూడండి, 8.11 వస్తుంది. మధ్యలో పడింది కదా.

మీ కిస్తీ ఐదో తేదీనో పదో తేదీనో పడుతుంటే ముక్కలు మూడవుతాయి: కిస్తీకి ముందు బ్యాలెన్స్, కిస్తీ తర్వాత బ్యాలెన్స్, రేటు మారిన తర్వాత. కష్టం ఏమీ లేదు గాని, కిస్తీ పడిన రోజుని ఏ ముక్కలో వేశారో రాసుకోండి. దానివల్ల పదీ పరకా తేడా వస్తే పట్టించుకోకండి. లీపు సంవత్సరంలో 366తో భాగించే పద్ధతి కూడా కొన్నిచోట్ల ఉంటుంది, ఆ తేడా కూడా చిన్నదే. వందల్లో తేడా వస్తేనే వెంటపడాలి.

ఇంకో పద్ధతి కూడా ఉంది. కొన్ని సంస్థలు రోజువారీ కాక నెల మొదటి బ్యాలెన్స్ మీద ఏడాది రేటులో పన్నెండో వంతు వేస్తాయి. మీది ఏదో తెలియాలంటే ఫిబ్రవరి వడ్డీని జనవరితో పోల్చండి. రేటు మారని ఏడాదిలో ఫిబ్రవరి వడ్డీ ఒక్కసారిగా వెయ్యి దాకా పడిపోతే రోజువారీ లెక్క. ఇంచుమించు అంతే ఉంటే నెలవారీ. నెలవారీ లెక్క ఉన్నచోట నెల మధ్యలో రీసెట్ ఎలా వేస్తారో అగ్రిమెంట్లోనే చూడాలి. ముక్కలు చేసే పద్ధతి అక్కడ చెల్లకపోవచ్చు.

మరి కిస్తీ ఎందుకు తగ్గలేదు

మా వాడి అసలు ప్రశ్న ఇది. రేటు తగ్గినా చాలా బ్యాంకులు కిస్తీని ముట్టుకోవు, మిగిలిన నెలలు తగ్గిస్తాయి. 18 లక్షలకి 17,100 కిస్తీ మీద ఎన్ని నెలలు పడుతుందో ఇలా చూడొచ్చు:

```
=NPER(8.40%/12,-17100,1800000)
=NPER(7.90%/12,-17100,1800000)
```

మొదటిదానికి 191.4, అంటే 192 నెలలు. రెండోదానికి 180. అర శాతానికి పన్నెండు కిస్తీలు ఎగిరిపోయాయి. కిస్తీ తగ్గించుకోవాలనుకుంటే అదే గడువుకి నెలకి 16,570 దాకా వస్తుంది, 530 రూపాయల లాభం. నన్నడిగితే చేతిలో ఇబ్బంది లేనంతకాలం గడువు తగ్గడమే మంచిది. అతనికి మటుకు పిల్ల విశాఖలో ఇంజనీరింగ్ చదువుతోంది, ఆ 530 కూడా లెక్కే అన్నాడు. అతని ఇష్టం.

కాబట్టి కిస్తీ మారలేదని రేటు మారలేదనుకోవద్దు. మిగిలిన కిస్తీల సంఖ్య చూడండి. ప్రతి మూడు నెలలకీ ఇచ్చే స్టేట్‌మెంట్‌లో ఇప్పటిదాకా వసూలైన అసలు, వడ్డీ, కిస్తీ మొత్తం, ఇంకా మిగిలిన కిస్తీలు, ఏడాది రేటు ఉండాలని ఆర్బీఐ 2023 ఆగస్టు 18 నాటి ఆదేశంలో చెప్పింది. రీసెట్ వేళ కిస్తీ మార్చుకోవాలా, గడువు మార్చుకోవాలా, రెండూ కొంచెం కొంచెమా అన్న ఎంపిక కూడా అందులోనే ఉంది. రేటు తగ్గి, కిస్తీ అలాగే ఉండి, మిగిలిన నెలలు కూడా కదలకపోతే అప్పుడు గట్టిగా అడగాలి.

స్ప్రెడ్ కదిలిందేమో

మీ లెక్కకీ బ్యాంకు రేటుకీ తేడా ప్రతి నెలా ఒకే అంకె, ఉదాహరణకి పావు శాతం, వస్తుంటే అది తేదీ తప్పు కాదు, స్ప్రెడ్ మారినట్టు. రిస్క్ ప్రీమియంని అగ్రిమెంట్లో రాసుకున్నట్టు మీ క్రెడిట్ పరిస్థితి బాగా మారితేనే మార్చాలి. స్ప్రెడ్‌లోని మిగతా ఖర్చుల భాగం మూడేళ్లకోసారి మార్చవచ్చు. తగ్గించడానికైతే మూడేళ్లు ఆగక్కర్లేదని 2025 అక్టోబర్ నుంచి వెసులుబాటు ఇచ్చారు. జీతం అకౌంట్ ఆ బ్యాంకులో ఉంచితేనో, ఇన్సూరెన్స్ తీసుకుంటేనో ఇచ్చిన రాయితీ ఉంటుంది చూడండి, అది ఆగిపోయినా స్ప్రెడ్ పెరిగినట్టే కనిపిస్తుంది. జీతం అకౌంట్ మార్చుకున్నవాళ్లు ముందు దాన్ని తలుచుకోవాలి.

బ్రాంచికి వెళ్లేముందు రెండువైపులా లెక్క

తేదీ తప్పు ఒక్కసారి దొరికితే ప్రతి రీసెట్‌లోనూ ఉంటుంది, ఎందుకంటే అది సిస్టమ్‌లో ఒకసారి ఎక్కిన తేదీ. అందుకని వెనక్కి వెళ్లాం. 2025 ఫిబ్రవరిలో రేటు 14న కాక మార్చి 1న మారింది, నష్టం సుమారు 187. మేలో 14న కాక జూన్ 1న, సుమారు 224. ఆగస్టులో 444. మొత్తం 855. ఉత్సాహంగా 2023 కూడా తీశాం. అప్పుడు రేటు పెరగాల్సింది ఫిబ్రవరి 14న, బ్యాంకు మార్చి 1న పెంచింది. ఆనాటికి చేతికొచ్చినది 12 లక్షలే, పదిహేను రోజులకి అర శాతం పైచిలుకు మిగిలి 296 రూపాయలు మా వాడికే లాభం. "అది రాయొద్దు బావా" అన్నాడు. రాయమన్నాను. ఎలాగూ వాళ్లు తేదీ సరిచేస్తే సిస్టమ్ మొదటి నుంచి తిరిగి లెక్కవేస్తుంది, అప్పుడు ఆ 296 పోతుంది. ముందే తెలిసి ఉంటే సుమారు 559 వస్తుందని ఎదురుచూస్తాం. లేకపోతే 855 రాలేదని మళ్లీ గొడవ.

బ్రాంచిలో నోటిమాటగా అడిగితే "రెపో తగ్గితే ఆటోమేటిక్‌గా తగ్గుతుందండీ" అని పంపేస్తారు. ఒక పేజీ ఉత్తరం రాయండి. రేటు ఎక్కువ వేశారని కాదు, ఫలానా తేదీన మారాల్సిన రేటు ఫలానా తేదీన మారింది, అగ్రిమెంట్లో ఫలానా క్లాజు చూడండి అని రాయాలి. లోను నంబరు, మొదటి విడత తేదీ, ఒక్క నెల లెక్క చాలు. మూడు నెలల లెక్కలు కుక్కితే ఎవరూ చదవరు. మా వాడు ఉత్తరానికి నకలు మీద ముద్ర వేయించుకుని, "నా అకౌంట్లో తర్వాతి రీసెట్ తేదీ ఏటుందో ఒకసారి చూసి చెప్పండి సార్" అని అడిగాడు. ఆఫీసరు స్క్రీన్ తెరిచి చూశాడు. డిసెంబర్ 1 అని ఉంది. అగ్రిమెంట్ ప్రకారం నవంబర్ 14. అక్కడితో వాదన అయిపోయింది.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు, రుసుము లేదు. సందేహాలకి 14448. అక్కడ కూడా ముందు బ్యాంకుకి రాశారా అనే అడుగుతారు, ముద్ర ఉన్న నకలు అందుకే.

మా వాడికి అంతదాకా పోనక్కర్లేదు. నవంబర్లో స్టేట్‌మెంట్‌లో వడ్డీ సవరణ అని క్రెడిట్ పడింది, 561. మా లెక్కకి రెండు రూపాయలు ఎక్కువ. దాని వేల్యూ డేట్ కూడా చూసుకోండి. పాత తేదీతో వేస్తే అప్పటి నుంచి బ్యాలెన్స్ తగ్గినట్టు లెక్క, వేసిన రోజు తేదీతో వేస్తే మధ్యలో ఆ కాస్త మీద పడిన వడ్డీ మీకు రాదు. ఐదొందల మీద అది రూపాయల్లోనే ఉంటుంది గాని, తేడా వేలల్లో ఉన్నవాళ్లు అడగాలి. డిసెంబర్ 5 తగ్గింపు మా వాడికి చేరేది 14 ఫిబ్రవరి 2026న. ఆ నెల వెనక్కి తీసిన రేటు 7.90కీ కొత్త రేటుకీ మధ్యలో వస్తే తేదీ నిజంగా సరైనట్టు.